కలను ఏమని అడగాలి?

1895 జూలై 23 సాయంత్రం. వియన్నా శివారు కొండమీద బెల్‌వ్యూ అనే ఇంట్లో ఓ డాక్టరు కుటుంబంతో వేసవి గడుపుతున్నాడు. వయసు ముప్పై తొమ్మిది. అతన్ని చూడటానికి పాత స్నేహితుడొకడు వచ్చాడు. అతనూ డాక్టరే. డాక్టరు దగ్గర అప్పటిదాకా చికిత్స పొందిన ఒకావిడ సెలవులకు ఊరి బయటి విడిదికి వెళితే, ఈ స్నేహితుడు వాళ్లింట్లోనే కొన్నాళ్లు ఉండి వచ్చాడు. 'ఆమె ఎలా ఉంది?' అని డాక్టరు అడిగాడు. కాస్త మెరుగే కానీ పూర్తిగా నయం కాలేదని జవాబు వచ్చింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ గొంతులో ఏదో దెప్పిపొడుపు ఉన్నట్టు డాక్టరుకు తోచింది. పైకి ఏమీ అనలేదు. ఎందుకు చిన్నబుచ్చుకున్నాడో అప్పటికి ఆయనకే స్పష్టంగా తెలియదు. ఆ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఆమె జబ్బు చరిత్రంతా రాశాడు. పెద్ద పేరున్న మరో డాక్టరుకు చూపించి, తాను చేసిన చికిత్స సరైనదే అనిపించుకోవాలని ఉద్దేశం.

తెల్లవారుజామున కల వచ్చింది. పెద్ద హాలు, నిండా అతిథులు. వాళ్లలో ఆ రోగి కూడా ఉంది. ఆమెను పక్కకు పిలిచి, 'ఇంకా నొప్పులున్నాయంటే అది నీ తప్పే' అన్నాడు. ఆమె తన బాధ చెప్పుకుంటూ ఉంటే, పాలిపోయి ఉబ్బిన ఆ ముఖం చూసి ఆయనకు గుండె ఝల్లుమంది. శరీరంలో ఉన్న అసలు జబ్బును తాను పట్టుకోలేకపోయానా? కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నోరు తెరిపించి చూశాడు. గొంతులో ఒక తెల్లటి మచ్చ. ముక్కు లోపలి ఎముకల్లా వంపులు తిరిగిన ఏవో ఆకారాల మీద బూడిదరంగు చెక్కులు. పెద్ద డాక్టరును పిలిచాడు. మరో ఇద్దరు డాక్టర్లూ చేరారు. ఇది ఎలా వచ్చిందో అందరికీ తెలిసిపోయింది. నిన్న వచ్చిన స్నేహితుడే ఆమెకు ఏదో ఇంజెక్షన్ ఇచ్చాడు. అలాంటివి ఆలోచించకుండా ఇవ్వకూడదు. పైగా సూది కూడా శుభ్రంగా ఉండి ఉండదు.

ఆ డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆ రోగికి ఆయన ఇర్మా అని మారుపేరు పెట్టాడు, స్నేహితుడికి ఒట్టో అని. ముఖచిత్రం మీద 1900 అని ఉన్నా 1899 నవంబరులోనే వెలువడిన ఆయన కలల పుస్తకంలో మొదట నుంచి చివరిదాకా విప్పి చూపిన కల ఇదే. ఫ్రాయిడ్ సిద్ధాంతాల్లో చాలావాటిని తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు. ప్రతి కలా ఓ కోరిక తీరడమే అన్న మాటను ఇవాళ గట్టిగా సమర్థించేవాళ్లు తక్కువ. కానీ ఆ ఉదయం ఆయన కూర్చుని చేసిన పని మాత్రం నిలిచింది. కలను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఒక ప్రశ్న వేసి, జవాబును నిన్నటి రోజులో వెతకడం. తర్వాత వచ్చినవాళ్లు ఆ ప్రశ్నలకు పదును పెట్టారు, వరస మార్చారు. ఆ కొత్త ప్రశ్నలతో ఈ పాత కలను మళ్లీ చదివితే పద్ధతి బాగా అర్థమవుతుంది. అది ఎక్కడ బోల్తా పడుతుందో కూడా ఇందులోనే దొరుకుతుంది.

మన దగ్గర కల గురించి సాధారణంగా వేసే ప్రశ్న ఒకటే. 'కలలో పాము కనిపిస్తే ఏమవుతుంది?' స్వప్న ఫలాల పుస్తకాల్లో దానికి ఒక్క వాక్యంలో జవాబు ఉంటుంది, కలగన్నవాడు ఎవరైనా సరే. చిత్రమేమిటంటే, పూర్వకాలపు స్వప్న పండితులంతా అలా అనుకోలేదు. క్రీస్తు తర్వాత రెండో శతాబ్దంలో గ్రీకు భాషలో పెద్ద కలల గ్రంథం రాసిన ఆర్టెమిడోరస్, ముందు మనిషిని అడగమన్నాడు. వృత్తేమిటి, ఉన్నవాడా లేనివాడా, ఆరోగ్యమెలా ఉంది, వాళ్ల ఊరి ఆచారాలేమిటి అని. ఒకే కల ఇద్దరికి రెండు రకాలుగా ఫలిస్తుందని ఆయన నమ్మకం. భవిష్యత్తు చెప్పడం మాట పక్కన పెడితే, అడిగే తీరులో ఆయన సరైన దారిలోనే ఉన్నాడు. పాములు పట్టి బతికేవాడికీ, రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతుకూ, పామును జూలో అద్దం వెనక తప్ప చూడని పిల్లవాడికీ ఒకే పాము ఎలా అవుతుంది?

కాబట్టి మొదటి ప్రశ్న బొమ్మ మీద కాదు, గుండె మీద. కలలో ఏ క్షణంలో ఏమనిపించింది? లేచాక అనిపించింది వేరు, లోపల ఉన్నప్పుడు అనిపించింది వేరు. శవాన్ని చూసి కలలో మామూలుగానే ఉండి, మెలకువ వచ్చాక వణికేవాళ్లుంటారు. అక్కడ వణుకు కలది కాదు. అందుకే లేవగానే, కళ్లు పూర్తిగా తెరవకముందే, జరుగుతున్నట్టుగా వర్తమానంలో రాసుకోమంటారు. 'హాల్లో ఉన్నాను, ఆమె దగ్గరికి వస్తోంది, భయం వేస్తోంది' అన్నట్టు. రాసింది చదువుకుంటూ భావం ఎక్కడ మలుపు తిరిగిందో గుర్తు పెట్టుకోవాలి. ఇర్మా కలలో ఆ మలుపు తేలిగ్గానే దొరుకుతుంది. నిందతో మొదలైన కల, ఉబ్బిన ముఖం చూడగానే హడలుగా మారింది. 'అసలు జబ్బును నేను పట్టుకోలేకపోయానా?' మిగతా కథంతా ఆ హడలు నుంచి తప్పించుకునే పరుగే.

భావాన్నే ముందు అడగాలనడానికి గట్టి ఆధారం ఉంది. అమెరికాలో కలల మీద దశాబ్దాలపాటు పనిచేసిన మానసిక వైద్యుడు ఎర్నెస్ట్ హార్ట్‌మన్, చాలాకాలంగా తమ కలలు రాసిపెట్టుకుంటున్న 44 మంది నుంచి 2001 సెప్టెంబరు 11 దాడులకు ముందువి పదేసి, తర్వాతవి పదేసి కలలు తీసుకున్నాడు. మొత్తం 880. దాడి తర్వాతి కలల్లో ప్రధాన చిత్రాలు మరింత తీవ్రంగా, కళ్లకు కట్టినట్టుగా మారాయి. కానీ ఎత్తయిన భవనాల్లోకి విమానాలు దూసుకెళ్లే కల ఒక్కటి కూడా లేదు. టీవీలో ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూసిన జనం వాళ్లు! అంటే కల సంఘటనను ఫొటో తీయలేదు. ఆ సంఘటన రేపిన భావానికి తనదైన బొమ్మ వెతుక్కుంది. ఇల్లు మునిగిన కల వస్తే నీళ్లకోసం వెతకడం దండగ. మునిగిపోతున్నట్టు మెలకువలో ఎక్కడ అనిపిస్తోందో వెతకాలి.

రెండో ప్రశ్న బొమ్మలది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. 'ఆ పాము మీ అత్తగారే అయ్యుంటుంది' అనేది ప్రశ్న వేషంలో ఉన్న తీర్పు. అమెరికన్ మనస్తత్వవేత్త గేల్ డెలానీ దీనికి ఓ చక్కటి ఉపాయం చెప్పింది. అడిగేవాడు వేరే గ్రహం నుంచి దిగినవాడిలా నటించాలి. 'నాకు ఇక్కడి సంగతులేమీ తెలియవు. పాము అంటే ఏమిటి? ఏం చేస్తుంది? నీ కలలోది ఎలా ఉంది?' కలగన్నవాడు తన మాటల్లో వర్ణిస్తాడు. 'అలికిడి లేకుండా వస్తుంది. దాని జోలికి పోకపోతే ఏమీ చేయదంటారు కానీ నేను నమ్మను.' అడిగేవాడు ఆ మాటల్నే, ఒక్కటీ మార్చకుండా, తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే వంతెన వేసే ప్రశ్న: 'అలికిడి లేకుండా వచ్చేది, ఏమీ చేయదని అందరూ అంటున్నా నువ్వు నమ్మనిది మీ జీవితంలో ఏదైనా ఉందా? ఎవరైనా ఉన్నారా?' జవాబు అత్తగారే కావచ్చు. కొత్తగా వచ్చిన మేనేజరు కావచ్చు, డాక్టరు ఫరవాలేదన్న ఒంట్లోని గడ్డ కావచ్చు. ఎవరన్నది కలగన్నవాడి నోటినుంచే రావాలి.

ఇర్మా కలలోని ఇద్దరు కుర్ర డాక్టర్లకు ఈ ప్రశ్న వేసి చూద్దాం. వాళ్లు ఎలాంటివాళ్లు? ఫ్రాయిడే వర్ణించాడు. ఇద్దరూ చుట్టాలు, ఒకే రంగంలో ఉన్నారు, ఎప్పుడూ పోటీయే. ఒట్టో చురుకు, చకచకా తేల్చేస్తాడు. రెండోవాడు నెమ్మది, కానీ లోతుగా పరీక్షిస్తాడు. ఇప్పుడు వంతెన: ఆలోచించకుండా చకచకా తేల్చేసింది ఈమధ్య ఎక్కడ చూశారు? నిన్న సాయంత్రం, ఆ ఒక్క మాటలో. తన చికిత్స మీద ఒట్టో అంత తొందరగా తీర్పిచ్చేశాడు. కలలో ఆ తొందరపాటే ఇంజెక్షన్ అయింది.

మూడో ప్రశ్న రోజులది. నిన్న ఏం జరిగింది? పడుకోబోయే ముందు మనసులో ఆఖరున మెదిలిందేమిటి? ఈ కల నిన్న రాత్రే ఎందుకు వచ్చింది, పోయిన నెల ఎందుకు రాలేదు? ఫ్రాయిడ్ ఇలాంటి చిల్లర సంగతుల్ని పగటి శేషాలు అన్నాడు. ఆయన ఏరిన జాబితా చూస్తే ముచ్చటేస్తుంది. హాలు నిండా అతిథులు: భార్య పుట్టినరోజు వస్తోంది, ఇర్మా సహా చాలామంది వస్తారని ఆమె ముందురోజే చెప్పింది. పెద్ద డాక్టరు: రాత్రి రాసిన కాగితాలు ఆయనకోసమే. ఇంజెక్షన్‌లోని మందు పేరు ప్రొపైల్: ఒట్టో అనాసపండు మద్యం సీసా ఒకటి బహుమతిగా తెచ్చాడు, మూత తీస్తే ఎమైల్ వాసన గుప్పుమంది. పనివాళ్లకు ఇచ్చేద్దామని భార్య అంటే, వాళ్లనెందుకు విషం పెట్టి చంపడం అన్నాడాయన. ఎమైల్, ప్రొపైల్ రసాయనశాస్త్రంలో ఒకే వరసలోవి. శుభ్రంగా లేని సూది: ఆయన రోజుకు రెండుసార్లు మార్ఫియా ఇచ్చే ఓ 82 ఏళ్ల ముసలావిడ విడిదికి వెళ్లి, అక్కడ వేరేవాళ్ల చేతిలో ఇంజెక్షన్లు తీసుకుంటూ రక్తనాళం వాచి బాధపడుతోంది. ఆమె కొడుకు నిన్ననే కలిశాడు. 'ఆ సూది శుభ్రంగా ఉండి ఉండదు, నా చేతిలో రెండేళ్లుగా ఒక్కసారీ అలా కాలేదు' అని ఫ్రాయిడ్ లోలోపల గర్వపడ్డాడు.

ఇలా వెతికేటప్పుడు సంఘటన మొత్తం దొరుకుతుందని ఆశిస్తే నిరాశే మిగులుతుంది. 2003లో హార్వర్డ్ పరిశోధకులు 29 మందితో రెండు వారాలు కలలు రాయించారు. వచ్చిన 299 కలల్లో 65 శాతం వాటిలో ఈమధ్య జరిగినవాటి జాడలున్నాయి. జరిగింది జరిగినట్టుగా మళ్లీ కనిపించినవి మాత్రం ఒకటి రెండు శాతమే. ఒక వాసన, ఒక గది, ఒకరి గొంతు, ఇలా ముక్కలుగానే వస్తాయి. నిన్నటి దగ్గరే ఆగకూడదని కూడా కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. మాంట్రియల్‌కు చెందిన టోర్ నీల్సన్ గమనించిన ప్రకారం, ఓ అనుభవం మరుసటి రాత్రి కలలో తొంగిచూసి, నాలుగైదు రోజులు మాయమై, వారం కావొస్తుండగా మళ్లీ తలెత్తవచ్చు. అందుకే నిన్న ఏమీ దొరక్కపోతే పోయిన వారం ఇదే రోజు ప్రాంతంలో ఏం జరిగిందో చూడాలి. ఫోన్‌లోని ఫొటోలు, కాల్ జాబితా, డబ్బు పంపిన లెక్కలు ఇందుకు బాగా పనికొస్తాయి. జ్ఞాపకం మర్చిపోయిన గురువారాన్ని అవి గుర్తుచేస్తాయి.

అన్నీ కలిపి ఫ్రాయిడ్ తేల్చిందేమిటి? ఇర్మా నొప్పులకు తాను బాధ్యుడు కాడు. తప్పు ఒట్టోది, లేదా ఇర్మాదే, లేదా అది శరీరపు జబ్బు కాబట్టి మనసు వైద్యుడికి దాంతో సంబంధమే లేదు. ఒకదానికొకటి పొసగని ఈ సాకుల్ని చూసి ఆయనే నవ్వుకున్నాడు. అరువు తెచ్చుకున్న బిందె చిల్లుపడిందని నిలదీస్తే, 'నేను బాగానే ఇచ్చాను, తెచ్చేటప్పుడే చిల్లుంది, అసలు నేను తేనేలేదు' అన్నవాడి వాదనలా ఉందని రాశాడు. కోరిక బయటపడింది, కల విడిపోయింది, కథ ముగిసింది. 1900లో ఓ స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, కలల రహస్యం తనకు ఇక్కడే తెలిసిందని ఆ ఇంటిమీద ఎప్పటికైనా పాలరాతి ఫలకం పెడతారా అని కూడా ముచ్చటపడ్డాడు.

ఆ స్నేహితుడి పేరు విల్‌హెల్మ్ ఫ్లీస్. బెర్లిన్‌లో ముక్కు డాక్టరు. కథలో అడగని ప్రశ్న సరిగ్గా ఆయన దగ్గరే ఉంది. ఇర్మా కలకు కొన్ని నెలల ముందు, 1895 ఫిబ్రవరిలో, ఫ్రాయిడ్ రోగుల్లో మరొకామె ఎమ్మా ఎక్‌స్టైన్‌కు ఫ్లీస్ వియన్నా వచ్చి ముక్కు ఆపరేషన్ చేసి వెళ్లాడు. వాపు తగ్గలేదు, రక్తం కారింది, చీము వాసన. వేరే డాక్టరు వచ్చి శుభ్రం చేస్తుండగా లోపల మర్చిపోయిన అర మీటరు గాజుగుడ్డ బయటపడింది. రక్తం పొంగింది. ఆమె ప్రాణాలమీదికి వచ్చింది. ఫ్రాయిడ్ కళ్లు తిరిగి పక్కగదిలోకి వెళ్లిపోయాడు. ఇవన్నీ ఆ మార్చిలో ఆయనే ఫ్లీస్‌కు ఉత్తరంలో రాశాడు, నిన్నెవరూ తప్పు పట్టడం లేదని ఊరడిస్తూ. 1950లో అచ్చయిన ఉత్తరాల సంపుటిలో ఈ సంగతి లేదు. ఫ్రాయిడ్ సొంత వైద్యుడు మాక్స్ షూర్ 1966లో బయటపెట్టాడు.

ఇప్పుడు కలను మళ్లీ చూడండి. గొంతులో ముక్కు ఎముకల్లాంటి ఆకారాలు. చెక్కు కట్టిన పుండు. అజాగ్రత్తగా చేయిచేసుకున్న ఓ డాక్టరు. చుట్టూ చేరిన డాక్టర్లు. ఫ్రాయిడ్ తన విశ్లేషణలో ఆ ఎముకల గురించి, వాటిలో ప్రావీణ్యం ఉన్న స్నేహితుడి గురించి గౌరవంగా ప్రస్తావించాడు కానీ, ఆ ఆపరేషన్ ఊసెత్తలేదు. ప్రచురణ కోసం దాచాడా, తనకే తట్టలేదా అన్నది వేరే చర్చ. అంతా చెప్పలేదని మాత్రం పుస్తకంలోనే ఒప్పుకున్నాడు. పద్ధతి తెలిసినవాడే, ఓ మద్యం సీసా దాకా వెళ్లి, ఎమ్మా ముక్కు దగ్గర ఆగిపోయాడు.

ఇక్కడినుంచి పనికొచ్చే పరీక్ష ఒకటి దొరుకుతుంది. వచ్చిన అర్థం కలగన్నవాడిని మరీ హాయిగా నిర్దోషిని చేస్తే అనుమానించాలి. కేరీ మోర్‌వెడ్జ్, మైకేల్ నార్టన్ అనే పరిశోధకులు 2009లో అమెరికా, దక్షిణ కొరియా, భారతదేశాల విద్యార్థులను అడిగి చూస్తే, కలల్లో లోతైన నిజాలుంటాయనే ఎక్కువమంది నమ్మారు. కానీ అందరి కలలకూ ఒకే విలువ కట్టలేదు. తమకు ముందే ఉన్న ఇష్టాలకు అనుకూలంగా ఉన్న కలకు ఎక్కువ అర్థం ఇచ్చారు. గిట్టనివాడి మీద మంచి కల వస్తే వట్టి కలేలే అన్నారు. కాబట్టి అర్థం కుదిరిందనిపించాక మరో రెండు ప్రశ్నలు వేయాలి. ఈ అర్థంలో ఇమడకుండా కలలో ఏ ముక్క మిగిలిపోయింది? ఇదే కల నాకు గిట్టనివాడు కని, ఇలాగే విప్పితే ఒప్పుకుంటానా? ఇర్మా కలలో మిగిలిపోయిన ముక్క ఆ గొంతు. దాన్ని మళ్లీ అడిగి ఉంటే తలుపు తెరుచుకునేది.

తనను తాను అడుక్కోవడంలో ఉన్న ఈ చిక్కువల్లే న్యూయార్క్ మానసిక వైద్యుడు మాంటేగ్ ఉల్‌మన్ 1970ల్లో మరో దారి పట్టాడు. ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు కల చెబుతారు. మిగతావాళ్లు దాన్ని తమ కలగా భావించి, 'ఇది నా కలే అయితే నాకు ఇక్కడ సిగ్గేసేది', 'నా కలైతే ఈ గొంతు నేను మింగేసిన మాట' అని చెబుతారు. 'నీ' అన్న మాట నిషిద్ధం. కలగన్న మనిషి వింటూ కూర్చుని, నచ్చింది తీసుకుని, నచ్చనిది వదిలేయవచ్చు. తర్వాత నిన్నటి సంగతుల మీద ప్రశ్నలు. చివరకు ఎవరో ఒకరు కలను అంకం అంకంగా తిరిగి చదివి వినిపిస్తారు. ఏ దశలోనైనా 'చాలు' అంటే ఆపేయాలి, కారణం అడగకూడదు. నిర్ణయం చెప్పే అధికారం ఎవరికీ లేదు, అక్కడ డాక్టరున్నా సరే. ఇంట్లో ఇద్దరు మాట్లాడుకున్నా ఈ నియమాలు పనికొస్తాయి. 'ఎందుకు?' అనే ప్రశ్నను కూడా దూరం పెడితే మంచిది. అది సంజాయిషీ రప్పిస్తుంది. 'ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అనిపించింది' అన్నవే జ్ఞాపకాన్ని కదిలిస్తాయి.

ఇంత తెలివిగా అడిగితే ఏ బొమ్మలోంచి అయినా ఏదో ఒకటి రాదా అన్న సందేహం న్యాయమైనదే. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో క్లారా హిల్ బృందం 1993లో దీన్నే పరీక్షించింది. కొందరు తమ కలతో, కొందరు వేరేవాళ్ల కలను తమదే అనుకుని, కొందరు తమను కలవరపెట్టిన ఓ సంఘటనతో, ఒకే పద్ధతిలో కౌన్సెలర్ దగ్గర కూర్చున్నారు. తమ సొంత కలతో పనిచేసినవాళ్లకే తమ గురించి ఎక్కువ స్పష్టత వచ్చింది. అంటే ప్రశ్నల మహిమ ఒక్కటే కాదు, కలలోనూ సరుకుంది. అలాగని ఆ అర్థాన్ని కల కావాలని పంపిందని దీనితో రుజువు కాలేదు. ఆ మనిషి భావాలు, జ్ఞాపకాలతోనే ఆ బొమ్మ తయారైందని మాత్రం చెప్పుకోవచ్చు.

ఈ ప్రశ్నలు వేయకూడని కలలూ ఉన్నాయి. ప్రమాదం, దాడి వంటివి అనుభవించినవాళ్లకు ఆ ఘటనే యథాతథంగా పదేపదే తిరిగి వస్తుంటే, అందులో దాగిన అర్థమేమిటని గుచ్చి అడగడం గాయాన్ని కెలకడమే. అక్కడ వాడే చికిత్స వేరు. పీడకలను రాసి, దాన్ని తనకు నచ్చినట్టు మార్చి, ఆ మార్చిన కథను రోజూ కొద్ది నిమిషాలు మనసులో నడిపించుకోవడం. అమెరికాలో బారీ క్రాకో ఈ పద్ధతిని లైంగిక దాడికి గురైన స్త్రీలపై పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించాడు. వాళ్ల పీడకలలు తగ్గాయి. వారంలో చాలా రాత్రులు అదే కలతో ఉలిక్కిపడి లేచేవాళ్లు, లేదా కొత్త మందు మొదలుపెట్టాక పీడకలలు పట్టుకున్నవాళ్లు, ఆ నోటుపుస్తకాన్ని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కల వచ్చిన తేదీలు, వేసుకున్న మందుల పేర్లు అందులో రాసి ఉంటే డాక్టరుకు పని తేలికవుతుంది.